రెండొందల మంది తిరునాళ్లు, అరచేతిలో ఫోన్

త్రీడీ ఆటలు తయారుచేసేవాళ్లలో మిక్సమో పేరు వినని వాళ్లు తక్కువ. అడోబీ సంస్థకు చెందిన ఈ వెబ్‌సైట్‌లో మనిషి బొమ్మను పెట్టి, గడ్డం, మణికట్లు, మోచేతులు, మోకాళ్లు, గజ్జల దగ్గర గుర్తులు పెడితే చాలు, కాసేపటికి లోపల అస్థిపంజరం అమర్చి చేతికిస్తుంది. దాని పూర్తి స్థాయి అస్థిపంజరంలో 65 ఎముకలుంటాయి. వాటిలో ఎన్ని ఎక్కడున్నాయో లెక్కపెట్టి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. వేలికి నాలుగు చొప్పున, పది వేళ్లకు 40. అంటే తల, మెడ, వెన్ను, భుజాలు, చేతులు, కాళ్లు అన్నీ కలిపితే 25 మాత్రమే. మొత్తం మూడు వంతుల్లో దాదాపు రెండు వంతులు వేళ్లదే.

ఆటలో నాయకుడు కత్తి పట్టాలన్నా, తలుపు గడియ తియ్యాలన్నా ఆ వేళ్లు కావాల్సిందే. అదే బొమ్మను రెండొందల సార్లు ముద్రగుద్ది తిరునాళ్ల జనంగా నిలబెట్టినప్పుడే చిక్కు. ఎక్కడో రంగులరాట్నం పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్న మనిషి చిటికెన వేలి చివరి కణుపును కూడా ఫోన్ శ్రద్ధగా కదుపుతూనే ఉంటుంది. చూసేవాడికి ఆ మనిషి మొహమే సరిగ్గా కనపడదు.

ఆ శ్రద్ధకు ధర ఎంతో తెలియాలంటే తెర వెనక జరిగే పని చూడాలి. త్రీడీ బొమ్మ చర్మం వేలాది బిందువులతో అల్లిన వల. ఆ వల లోపల అస్థిపంజరం ఉంటుంది. ఒక్కో ఫ్రేమ్‌కి ఫోన్ రెండు పనులు చెయ్యాలి. మొదటిది ఎముకల పని: యానిమేషన్ ఫైల్ తెరిచి ఈ క్షణంలో ఏ ఎముక ఎంత తిరిగి ఉండాలో చదవడం, నడక నుంచి పరుగుకి మారుతుంటే రెండింటినీ కలపడం, తర్వాత నడుము నుంచి మొదలుపెట్టి వెన్ను, భుజం, మోచెయ్యి, మణికట్టు వరుసలో ఒక్కోదాని స్థానాన్ని తేల్చడం. ఇది మామూలుగా సీపీయూ మీద పడుతుంది. రెండోది చర్మం పని: ప్రతి బిందువునూ దాని చుట్టూ ఉన్న ఎముకలతో పాటు లాగడం. మోచేతి మడత దగ్గరి బిందువుకి పై ఎముక మాట సగం, కింది ఎముక మాట సగం చెల్లుతుంది. ఈ వాటాల్నే స్కిన్ వెయిట్స్ అంటారు. ఒక బిందువుకి నాలుగు ఎముకల దాకా వాటా ఇవ్వడం ఆనవాయితీ. ఈ పనిని ఇప్పటి ఫోన్లలో ఎక్కువగా జీపీయూకి అప్పజెపుతారు.

అన్ని కాలాల్లోనూ ఇలా లేదు. 1996లో వచ్చిన క్వేక్ ఆటలో రాక్షసులకు ఎముకలే లేవు. సెకనుకు పది భంగిమల చొప్పున బిందువుల స్థానాలన్నీ ముందే రాసి ఫైల్లో పెట్టేశారు. రెండేళ్ల తర్వాత అదే ఇంజన్ పునాది మీద వచ్చిన హాఫ్‌లైఫ్ ఎముకలకు మారింది. కానీ ఒక్కో బిందువు ఒక్క ఎముకకే కట్టుబడి ఉండేది. కీళ్ల దగ్గర మాత్రమే ముడిపడి, ఏ ముక్కకాముక్క బిగుసుగా కదిలే తోలుబొమ్మ లాంటి ఏర్పాటది. ఆనాటి ఈ రెండు పద్ధతులూ మూలన పడ్డాయనుకుంటే పొరపాటు. ఫోన్లో గుంపుల దగ్గరికొచ్చేసరికి రెండూ మళ్లీ పనికొచ్చాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఆటలో ఒక తిరునాళ్ల వీధి ఉందనుకుందాం. 200 మంది జనం, ఒక్కొక్కరికి 65 ఎముకలు, 3,000 బిందువులు, బిందువుకి నాలుగు వాటాలు. ఒక్క ఫ్రేమ్‌కి 13,000 ఎముకల స్థానాలు తేల్చాలి. బిందువుల వైపు 200ని 3,000తో, ఆ వచ్చినదాన్ని నాలుగుతో గుణిస్తే 24 లక్షల లెక్కలు. సెకనుకు 30 ఫ్రేములు చూపించాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే సమయం 33 మిల్లీసెకన్లు. అందులోనే వీధి దీపాలు, దుకాణాలు, శబ్దాలు, ఆట నియమాలు అన్నీ ఇమడాలి. ఖరీదైన ఫోన్ కాసేపు నెట్టుకొస్తుంది. పదీ పన్నెండు వేల రూపాయల ఫోన్ మొదటి నిమిషంలోనే తడబడుతుంది.

చాలామంది ఇక్కడ బొమ్మను సన్నగా చెక్కడం మొదలుపెడతారు. ముందు చెయ్యాల్సింది అది కాదు. అసలు కనపడని వాళ్ల కోసం పని చెయ్యడం మానెయ్యాలి. ఆటల భాషలో దీన్నే కల్లింగ్ అంటారు. కెమెరా ఎటు చూస్తున్నా వీధిలో సగానికి పైగా జనం దాని వెనకో పక్కనో ఉంటారు. మన లెక్కలో ఒకసారికి 80 మంది తెర మీదికి వస్తారనుకుంటే, మిగతా 120 మందిని వదిలేసినందుకే ఎముకల లెక్క 13,000 నుంచి 5,200కి పడిపోతుంది. బొమ్మ అందం వీసమెత్తు తగ్గలేదు.

తెర బయటి బొమ్మని గియ్యకుండా వదిలేయడం ఏ ఇంజన్ అయినా తనంతట తాను చేస్తుంది. చాలామంది అక్కడితో నిశ్చింతగా ఉండిపోతారు. గియ్యకపోవడం వేరు, కదపకపోవడం వేరు. యూనిటీ ఇంజన్‌లో ప్రతి పాత్రకీ ఉండే `Animator`లో `Culling Mode` అని ఒక అమరిక ఉంటుంది. అది `Always Animate` మీద ఉంటే మనిషి తెర మీద లేకపోయినా లోపల ఎముకలు ఆడుతూనే ఉంటాయి. `Cull Update Transforms` అంటే యానిమేషన్ కాలం నడుస్తుంది కానీ ఎముకల స్థానాలు రాయడం ఆగుతుంది. `Cull Completely` అంటే మొత్తం నిద్రే. చర్మం వైపు కూడా ఇలాంటిదే `Update When Offscreen` అనే గడి ఒకటుంది. గుంపులో ఎవరికీ అక్కడ టిక్కు ఉండకూడదు.

నిద్రపుచ్చడంలో తిరకాసులు లేకపోలేదు. తిరునాళ్లలో ఒక ఊరేగింపు సాగుతోందనుకోండి. ఆ మనుషుల్ని ముందుకు నడిపించేది నడక యానిమేషనే అయితే, అంటే రూట్ మోషన్ వాడి ఉంటే, కెమెరా అటు తిప్పగానే ఊరేగింపు నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఆటగాడు మిఠాయి కొట్టు చూసి అర నిమిషం తర్వాత తిరిగొస్తే పల్లకీ వదిలిన చోటే ఉంటుంది. అందుకే గుంపులో మనిషి ఎక్కడున్నాడన్న లెక్కని యానిమేషన్‌కి ముడిపెట్టరు. ఒక దారి గీసి, దాని మీద వేగాన్ని బట్టి ఆ మనిషి పేరున ఒక బిందువుని కదుపుతారు. అది దాదాపు ఖర్చు లేని పని. మనిషి మళ్లీ కనపడగానే కాళ్లు చేతులు ఆ బిందువు దగ్గర మేలుకుంటాయి.

రెండో తిరకాసు పెట్టె కొలతలో ఉంది. ఒక మనిషి తెర మీద ఉన్నాడా లేదా అన్నది ఇంజన్ అతని చుట్టూ ఊహించుకున్న ఒక పెట్టెని బట్టి తేలుస్తుంది. చర్మాన్ని లెక్కగట్టకముందే నిర్ణయం జరగాలి కాబట్టి ఆ పెట్టె ముందుగా కొలిచినదే అయి ఉంటుంది. చేతులు దించుకుని నిలబడ్డ కొలతే పెట్టెగా ఉండిపోయి, ఆటలో ఆ మనిషి జెండా పట్టి పైకి ఎగిరాడంటే, తెర అంచున జెండా కనిపిస్తూ కనిపిస్తూ ఒక్కసారిగా మాయమవుతుంది. మనుషులు తెర అంచుల్లో తటాలున పుట్టి తటాలున పోతుంటే పెట్టె చిన్నదన్నమాట. దానికి విరుగుడుగా పెట్టెని విపరీతంగా పెంచేస్తే లోపం కనపడకుండా పోతుంది, లాభమూ పోతుంది. అందరూ ఎప్పుడూ కనిపిస్తున్నట్టే లెక్క. గుంపు చేసే యానిమేషన్లన్నింటిలో చేతులు ఎంత దూరం చాస్తారో చూసి, దానికి కాస్త ఎక్కువగా కొలత పెట్టడం సరైన దారి.

నీడల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనిషి తెర బయట ఉన్నా సాయంత్రపు ఎండలో అతని నీడ తెర లోపల పడుతుంటే, ఇంజన్ దృష్టిలో అతను కనిపిస్తున్నవాడే. నూట ఇరవై మందిని నిద్రపుచ్చామనుకున్నవాళ్లకి ప్రొఫైలర్‌లో లెక్క తగ్గకపోవడానికి తరచుగా కారణం ఇదే. గుంపులో దగ్గరివాళ్లకు తప్ప మిగతా అందరికీ అసలు నీడని తీసేసి, కాళ్ల కింద మసక మరకలాంటి గుండ్రటి బొమ్మ అతికిస్తే సరిపోతుంది. ఫోన్ తెర మీద ఆ తేడా పట్టేవాళ్లు అరుదు.

ఇక మిగిలిన 80 మంది దగ్గరికి వద్దాం. వీళ్లలో ఎవరికి ఎన్ని ఎముకలు కావాలో తెరనే అడగాలి. ఫోన్‌ని అడ్డంగా పట్టుకుంటే తెర ఎత్తు 720 పిక్సెళ్లు, కెమెరా నిలువు చూపు 60 డిగ్రీలు అనుకుంటే, అయిదున్నర అడుగుల మనిషి పది మీటర్ల దూరంలో సుమారు వంద పిక్సెళ్ల ఎత్తు ఉంటాడు. యాభై మీటర్ల దూరంలో ఇరవై పిక్సెళ్లే. అక్కడ అతని వేలి మందం పిక్సెల్‌లో అయిదో వంతు. పిక్సెల్‌లో అయిదో వంతుని కదపడానికి నలభై ఎముకలు దండగ.

వేళ్ల ఎముకలు తీసేస్తే 25 మిగులుతాయి. మిక్సమో సైట్ కూడా వేళ్లు లేని 25 ఎముకల అస్థిపంజరాన్ని విడిగా ఇస్తుంది. అందులోనూ మూడు ఎముకలు ఏ బిందువునూ కదపవు. `HeadTop_End` అనేది నడినెత్తి ఎక్కడో చెప్పే గుర్తు, రెండు `Toe_End`లు కాలి వేళ్ల చివరని చెప్పే గుర్తులు. అవి తీసేస్తే 22. దగ్గర నిలబడ్డ జనానికి ఇది చక్కగా సరిపోతుంది. ఇంకా దూరం వాళ్లకి కాలి వేళ్ల ఎముకలు రెండు, భుజాల ఎముకలు రెండు, మెడ ఒకటి, మూడు వెన్ను ఎముకల్లో రెండు తీసేయొచ్చు. 15 మిగులుతాయి: నడుము, వెన్ను, తల, చేతికి మూడు, కాలికి మూడు. మనిషి ఆకారంగా గుర్తించడానికి యూనిటీ తప్పనిసరిగా అడిగే ఎముకలు కూడా సరిగ్గా ఈ పదిహేనే. అదే సంస్థ మాన్యువల్‌లో సుమారు ముప్పై ఎముకలతో ఫోన్లలోనూ ఫర్వాలేదనిపించే నాణ్యత వస్తుందని రాసి ఉంది. అది ఒక్క పాత్ర సంగతి. గుంపు కోసమైతే ఇంకా కిందికి దిగొచ్చు.

ఎముకని తీసెయ్యడమంటే ఫైల్లో దాని పేరు చెరిపెయ్యడం కాదు. దానికి కట్టి ఉన్న బిందువులకి కొత్త యజమానిని చూపించాలి. చూపుడు వేలి మూడు కణుపుల వాటాలన్నీ అరచేతి ఎముకకి, భుజం వాటా పై వెన్నుకి, కాలి వేళ్ల వాటా పాదానికి కలపాలి. ఇది మరిచిపోతే బిందువులు అనాథలవుతాయి. ఆట మొదలవ్వగానే మనిషి వేళ్ల నుంచి సాగిన సూదుల్లాంటి ముక్కోణాలు నేల మీద ఏదో ఒకచోటికి లాక్కుపోయి కనిపిస్తాయి. అలా కనిపిస్తే ఏ ఎముక తీసినప్పుడు జరిగిందో వెతుక్కోవడం తేలికే.

ఇంకో చిన్న సంగతి ఉంది, అనుభవమున్న రిగ్గింగ్ ఆర్టిస్టులు ఎప్పుడూ మరవనిది. బొమ్మని తయారుచేసేటప్పుడు చేతులు చాపి, వేళ్లు విడదీసి పెడతారు. ఎముకలు తీసేసి వదిలేస్తే ఆ విడదీసిన వేళ్లు అలాగే గడ్డకట్టుకుపోతాయి. వీధి నిండా ఉన్న జనమంతా అరచేతులు చాపి నడుస్తుంటే పొలంలో దిష్టిబొమ్మలు లేచొచ్చినట్టుంటుంది. అందుకే ముందు వేళ్లని కొంచెం ముడిచి, మామూలుగా నడిచే మనిషి చెయ్యిలా సర్ది, ఆ భంగిమని మెష్‌లో శాశ్వతం చేసి, ఆ తర్వాతే ఎముకలు తీస్తారు. భుజం ఎముకల విషయంలోనూ తొందర పనికిరాదు. చేతులు కిందికి వేలాడుతున్నంతసేపు ఏమీ తెలియదు. రథం కదిలినప్పుడు జనమంతా చేతులు పైకెత్తి జేజేలు కొడతారు చూడండి, అప్పుడు చంక దగ్గర చర్మం నలిగి చొక్కా పిండినట్టవుతుంది. చేతులెత్తే యానిమేషన్ ఉన్న గుంపుకి దగ్గరి వరసల్లో భుజాలు ఉంచడమే మంచిది.

ఎముకల సంఖ్యకు ఒకప్పుడు ఇంకో గట్టి హద్దు ఉండేది. ఓపెన్‌జీఎల్ ఈఎస్ 2.0 కాలం ఫోన్లలో, బిందువుల్ని కదిపే ప్రోగ్రామ్‌కి కచ్చితంగా దొరుకుతుందన్న స్థలం నాలుగేసి సంఖ్యల అరలు 128. ఒక ఎముకకు మూడు అరలు కావాలి. అంటే మిగతా అవసరాలకేమీ ఉంచుకోకపోయినా 42 ఎముకలు దాటవు. 65 ఎముకల బొమ్మని రెండు ముక్కలు చేసి గియ్యాల్సి వచ్చేది. తర్వాతి 3.0 ప్రమాణం ఆ అరల్ని 256కి పెంచింది. హద్దు జరిగాక అస్థిపంజరాలు లావెక్కాయి.

ఎముకలతో పాటు వాటాలూ తగ్గించొచ్చు. మధ్య దూరం వాళ్లకి బిందువుకి రెండు ఎముకలు చాలు. బాగా దూరం వాళ్లకి హాఫ్‌లైఫ్ నాటి పద్ధతే, ఒక్క ఎముక. మోచెయ్యి మడిస్తే గొట్టం విరిగినట్టు కనిపిస్తుందన్న భయం దగ్గరలో నిజమే. ఇరవై పిక్సెళ్ల మనిషికి మోచెయ్యి అనేది ఒకటీ అరా పిక్సెల్. యూనిటీలో ఈ వాటాల సంఖ్య ఒక్కో మెష్‌కి విడిగా పెట్టుకోవచ్చు. మొత్తం ఆటకి కలిపి తగ్గించి నాయకుడి భుజాలు పాడు చేసుకోవాల్సిన పనిలేదు.

మధ్య దూరంలో ఉన్నవాళ్లని ప్రతి ఫ్రేమ్‌కీ కదపకపోయినా ఫర్వాలేదు. ఒక ఫ్రేమ్ వదిలి ఒక ఫ్రేమ్‌కి కదిపితే ఆ మనిషి సెకనుకు పదిహేను భంగిమల్లో నడుస్తాడు. అన్‌రియల్ ఇంజన్‌లో ఈ ఏర్పాటు ముందే ఉంది. చేతితో రాసుకునేవాళ్లు చేసే పొరపాటు ఒకటే: అందర్నీ ఒకే ఫ్రేమ్‌లో మేల్కొలపడం. అప్పుడు సగటు బాగానే కనిపిస్తుంది, ఒక ఫ్రేమ్ ఖాళీగా, తర్వాతి ఫ్రేమ్ మోయలేనంత బరువుగా పడి ఆట కుదుపులు కుదుపులుగా నడుస్తుంది. సరి సంఖ్య వాళ్లు ఒక ఫ్రేమ్‌లో, బేసి సంఖ్య వాళ్లు తర్వాతి ఫ్రేమ్‌లో అని పంచితే సరి.

ఇంతవరకూ సమయం సంగతి. యానిమేషన్ కంప్రెషన్ ముఖ్యంగా మెమరీ సంగతి. దీనికీ లెక్క తేలికే. నాలుగు సెకన్ల చప్పట్ల యానిమేషన్, సెకనుకు 30 చొప్పున 120 నమూనాలు. ఒక్కో నమూనాలో ప్రతి ఎముకకీ మూడు విషయాలు రాస్తారు: ఎంత తిరిగింది, ఎక్కడుంది, ఎంత సాగింది. తిరుగుడుకి 16 బైట్లు, స్థానానికి 12, సాగుడుకి 12, మొత్తం 40. 65 ఎముకలకి, 120 నమూనాలకి కలిపితే 3,12,000 బైట్లు. గుంపుకి ఇలాంటివి ఇరవై కావాలి. లేకపోతే అందరూ ఒకే చప్పట్లు కొడతారు. అరవై లక్షల బైట్లు పైమాట.

ఇందులో చాలా భాగం రాయనక్కర్లేనిది. మనిషి మోచేతి ఎముక సాగదు. దాని పొడవు మారదు కాబట్టి పై ఎముకతో పోలిస్తే దాని స్థానమూ మారదు. తిరగడం ఒక్కటే నిజంగా మారేది. స్థానం మారేది నడుముకి మాత్రమే. ఆ తిరుగుడునీ ఇంకా పొదుపుగా రాయొచ్చు. క్వాటర్నియన్ అనే నాలుగు సంఖ్యల రూపంలో దాన్ని దాస్తారు. ఆ నాలుగింటి వర్గాల మొత్తం ఎప్పుడూ ఒకటే. కాబట్టి మూడు తెలిస్తే నాలుగోది లెక్కగట్టి తెచ్చుకోవచ్చు. అన్నిటికన్నా పెద్దదాన్ని వదిలేసి, మిగతా మూడింటినీ పదిహేనేసి బిట్లలో కుదిస్తారు. ఏది వదిలామో చెప్పడానికి రెండు బిట్లు. మొత్తం ఆరు బైట్లలో ఇమిడిపోతుంది. దీనివల్ల వచ్చే తేడా డిగ్రీలో వందో వంతు లోపే.

ఇప్పుడు 25 ఎముకలకి, 120 నమూనాలకి, ఆరేసి బైట్లు అంటే 18,000. నడుము స్థానానికి 1,440. మొత్తం 19,440. మొదటి దానిలో పదహారో వంతు. ఇంకా కీఫ్రేమ్ తగ్గింపు మొదలే పెట్టలేదు.

కీఫ్రేమ్ తగ్గింపు అంటే, రెండు భంగిమల మధ్య సరళరేఖ గీస్తే మధ్య నమూనాలు దాదాపు ఆ గీత మీదే పడుతున్నప్పుడు వాటిని తీసెయ్యడం. ఆ దాదాపు ఎంతో చెప్పేది ఎర్రర్ అమరిక. యూనిటీలో తిరుగుడుకి అది మొదట్లో 0.5 ఉంటుంది, అంటే అర డిగ్రీ. వినడానికి చిన్నదే. తుంటి దగ్గర అర డిగ్రీ తప్పితే 90 సెంటీమీటర్ల కాలు చివర పాదం సుమారు ఎనిమిది మిల్లీమీటర్లు జరుగుతుంది. మోకాలి తప్పు, చీలమండ తప్పు దానికి తోడవుతాయి. పది మీటర్ల దూరంలో అది తెర మీద అర పిక్సెల్, ఎవరికీ తెలియదు. రెండు మీటర్ల దూరంలో రెండున్నర పిక్సెళ్లు. పైగా ఆ తప్పు ఒక్కో క్షణానికి ఒక్కోలా ఉంటుంది. కదలకుండా నిలబడ్డ మనిషి పాదాలు నేల మీద సన్నగా వణుకుతూ కనిపిస్తాయి. కంప్రెషన్ హద్దు మీరిందనడానికి తొలి గుర్తు ఈ వణుకే. మొహంలోనో చేతుల్లోనో వెతకడం కన్నా పాదాలు చూస్తే ముందు తెలుస్తుంది.

తుంటికీ చిటికెన వేలికీ ఒకే ఎర్రర్ పెట్టడంలోనే అసలు పొరపాటుంది. గొలుసు మొదట్లో ఉన్న ఎముక తప్పు చివరిదాకా పెరుగుతూ పోతుంది, చివరి ఎముక తప్పు అక్కడే ఆగుతుంది. నికొలాస్ ఫ్రెషెట్ రాసిన ఏసీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఈ సంగతిని పట్టుకుంది. ఎముక ఎన్ని డిగ్రీలు తప్పిందని కాకుండా, దాని చుట్టూ చర్మం ఉండే చోట ఒక బిందువు తన అసలు స్థానం నుంచి ఎంత జరిగిందని కొలుస్తుంది. చూసేవాడికి కనపడేది చర్మమే కదా. అన్‌రియల్ ఇంజన్ తర్వాత దీన్ని తనలో కలుపుకుంది. యూనిటీలో పని చేసేవాళ్లకి చవక దారి ఏమిటంటే, గుంపు యానిమేషన్లని నాయకుడి యానిమేషన్ల నుంచి వేరు చేసి, వాటికి మాత్రమే ఎర్రర్ పెంచడం.

ఇక బాగా దూరం వాళ్లు, అంటే 80 మందిలో సగం. వీళ్లకి ఎముకల లెక్కని ఆట నడిచేటప్పుడు అసలు చెయ్యనవసరం లేదు. 2007లో వచ్చిన జీపీయూ జెమ్స్ మూడో సంపుటిలో ఎన్‌విడియా ఇంజనీరు బ్రయాన్ డుడాష్ ఈ పద్ధతినే వివరించాడు. ప్రతి భంగిమలోని ఎముకల మాత్రికల్ని ముందే లెక్కగట్టి ఒక టెక్స్చర్‌లో, అంటే బొమ్మ ఫైల్లో రంగుల బదులు సంఖ్యలుగా రాసి పెడతారు. జీపీయూ ఒక్క ఆజ్ఞతో వందల మందిని గీస్తూ, ఎవరికి ఏ వరుస కావాలో దాన్ని చదువుకుంటుంది. ఆనాడు దాంతో దాదాపు పదివేల పాత్రల్ని నిలబెట్టి చూపించారు. అది పీసీ గ్రాఫిక్స్ కార్డు మీద.

మరికొందరు ఎముకల్ని కూడా వదిలేసి, నేరుగా బిందువుల స్థానాల్నే టెక్స్చర్‌లో రాస్తారు. క్వేక్ పద్ధతి కొత్త బట్టలు కట్టుకుని వచ్చిందన్నమాట. ఫోన్‌కి ఏది మేలో మెమరీ చెబుతుంది. 600 బిందువుల చిన్న బొమ్మ, 120 భంగిమలు, ఒక్కోదానికి 8 బైట్లు అయితే 5,76,000 బైట్లు. అదే 15 ఎముకలకి, ఎముకకి మూడు అరల చొప్పున రాస్తే 43,200. చీర కొంగు ఎగరడం లాంటి, ఎముకలకి లొంగని కదలిక కావాలంటే తప్ప గుంపుకి రెండోదే లాభం. ఈ పద్ధతిలో ఒక లోటుంది. రాసి పెట్టిన భంగిమలు తప్ప కొత్తవి రావు. ఆటగాడు పక్కనుంచి వెళ్తుంటే తల తిప్పి చూడటం, మెట్ల మీద పాదం సర్దుకోవడం కుదరవు. అందుకే వీటిని దూరానికే ఉంచుతారు. దగ్గరికి వచ్చేకొద్దీ మామూలు బొమ్మగా మార్చేటప్పుడు రెండూ ఒకే భంగిమలో ఉండేలా కాలాన్ని కలపాలి. లేకపోతే నడుస్తున్న మనిషి కాలు మార్చి ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది.

తిరునాళ్ల లెక్కకి తిరిగొస్తే, కనిపించే 80 మందిలో పది మంది దగ్గర, ముప్పై మంది మధ్యలో, నలభై మంది దూరంగా ఉన్నారు. దగ్గరివాళ్లకి 22 ఎముకలు, మొత్తం 220. మధ్యవాళ్లకి 15, అదీ ఫ్రేమ్ విడిచి ఫ్రేమ్, సగటున 225. దూరంవాళ్లకి సీపీయూ మీద సున్నా. 13,000 కాస్తా 445 అయింది. బిందువుల వైపు దగ్గరివాళ్లకి 3,000 బిందువులు, నాలుగు వాటాలు. మధ్యవాళ్లకి 1,200 బిందువులు, రెండు వాటాలు. దూరంవాళ్లకి 600 బిందువులు, ఒక వాటా. మొత్తం 2,16,000. మొదట్లో 24 లక్షలు. ఇవి పనుల సంఖ్యలే, సమయం కూడా సరిగ్గా ఇదే నిష్పత్తిలో తగ్గుతుందని కాదు. ప్రతి మనిషికీ ఎముకలతో పనిలేని స్థిరమైన ఖర్చు కొంత ఉంటుంది. యూనిటీలో ఎముకలన్నీ విడివిడి వస్తువులుగా పరుచుకోకుండా `Optimize Game Objects` గడిలో టిక్కు పెడితే ఆ ఖర్చులో కొంత దిగుతుంది.

నిజంగా తగ్గిందో లేదో ఫోన్ మీదే చూడాలి. యూనిటీ ఎడిటర్‌లో పక్కన `Scene` కిటికీ తెరిచి ఉంటే దాని కెమెరా కూడా చూస్తున్నట్టే లెక్క కాబట్టి, నిద్రపోవాల్సిన వాళ్లు మేలుకునే ఉంటారు. ఫోన్‌ని ప్రొఫైలర్‌కి కలిపి `Animators.Update` దగ్గర సమయం ఎక్కువుంటే జబ్బు ఎముకల్లో ఉంది. `MeshSkinning.Update` దగ్గర ఉంటే చర్మంలో ఉంది. పనిముట్లేవీ లేకపోయినా రెండు పరీక్షలు చెయ్యొచ్చు. గుంపు మధ్య నిలబడి కెమెరాని ఆకాశం వైపు తిప్పాలి. ఫ్రేమ్ సమయం అమాంతం పడిపోవాలి. పడకపోతే కల్లింగ్ పని చెయ్యడం లేదు. తర్వాత తెర రిజల్యూషన్‌ని సగానికి దించి చూడాలి. అప్పుడు ఆట వేగం పెరిగితే బరువు పిక్సెళ్లది, ఎముకలు తగ్గించి లాభం లేదు.

ఈ పరీక్షలు ఫోన్ చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అదే వీధిలో ఇరవై నిమిషాలు ఆడాక మరోసారి చెయ్యాలి. ఫోన్‌లో ఫ్యాన్ ఉండదు. చిప్ వేడెక్కాక తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. మొదట 20 మిల్లీసెకన్లలో ముగిసిన ఫ్రేమ్ అప్పటికి 33 దాటొచ్చు. గుంపులో ఎంతమంది ఉండాలన్నది ఆ రెండో కొలత చూసే నిర్ణయిస్తారు. కొన్ని ఆటలు ఇంకో అడుగు ముందుకేసి, వేడి పెరిగేకొద్దీ మధ్య వరసల వాళ్లని దూరంవాళ్ల జాబితాలోకి నెట్టేస్తూ, దగ్గరి పది మందిని మాత్రం ముట్టుకోకుండా వదిలేస్తాయి.